గాజు సైజు తెలియకుండా బంగారం పెట్టాలంటే

మేనకోడలి పెళ్లికి బంగారు గాజులు పెట్టాలని మేనమామకు ఉంటుంది. పిల్ల బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, షాపుకు తీసుకెళ్లే వీల్లేదు. ముందే అడిగితే సరదా పోతుందని అడగడు. షాపులో “సైజెంత సార్?” అని అడిగితే పక్కనున్న భార్య చేతి గాజు చూపించి “ఇంతే ఉంటుంది” అంటాడు. తీరా పెళ్లినాడు ఆ గాజు బొటనవేలి ఎముక దగ్గరే ఆగిపోతుంది. “ఏముంది, మార్చుకుంటే సరి” అని అందరూ తేలిగ్గా అంటారు. ఆ మార్పిడికి ఎంత ఖర్చవుతుందో మళ్లీ షాపుకు వెళ్లినప్పుడు గానీ తెలియదు.

లెక్క తేలిగ్గా ఉండడానికి గ్రాము ధర పది వేలు అనుకుందాం. 16 గ్రాముల జత గాజులకు బంగారం ఖరీదు 1,60,000 రూపాయలు. దాని మీద తరుగు, మజూరి కలిపి, అంటే ఇప్పుడు షాపుల్లో ‘వీఏ’ అంటున్నది, నూటికి 12 చొప్పున వేస్తే 19,200. ఈ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 5,376. బిల్లు 1,84,576 రూపాయలవుతుంది. ఆ గాజులే వెనక్కి ఇచ్చినప్పుడు మామూలుగా లెక్కలోకి వచ్చేది బంగారం ఖరీదు ఒక్కటే, అదీ ఆ రోజు రేటుకు. రేటు మారలేదనుకున్నా 24,576 రూపాయలు పోయినట్టే. పెద్ద సైజులో అదే బరువు జత తీసుకుంటే వీఏ, జీఎస్టీ మళ్లీ కొత్తగా పడతాయి. అంటే ఒక్క సైజు మారడానికి ఇంచుమించు పాతిక వేలు చేతినుంచి పెట్టుకోవాలి.

అందుకే సైజు మీదో, పిల్ల అభిరుచి మీదో అనుమానం ఉన్నప్పుడు పనితనం మీద డబ్బు పెట్టకూడదని నేను గట్టిగా చెబుతాను. నక్షి పని ఎంత కళ్లు చెదిరేలా ఉన్నా మార్పిడిలో దానికి విలువ కట్టరు. అదే 16 గ్రాములు ఆరు శాతం వీఏ ఉన్న సాదా గాజులుగా కొంటే, మార్చుకున్నప్పుడు పోయేది 14,688 రూపాయలు. మూడు శాతం మజూరితో నాణెంగా కొంటే 9,744. రాళ్లు పొదిగిన నగ అయితే మరో నష్టం కూడా ఉంది. మార్పిడిలో రాళ్ల బరువు తీసేసి మిగిలిన బంగారానికే లెక్క కడతారు, రాళ్లకు పెట్టిన డబ్బు చాలావరకు రాదు. మొత్తం బరువు, రాళ్లు తీసేసిన బరువు, రాళ్ల ఖరీదు బిల్లులో విడివిడిగా రాయించుకోకపోతే తర్వాత వాదించడానికి మన చేతిలో ఏమీ ఉండదు. నాణెం కొనేటప్పుడు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. బ్యాంకులు నాణేలు అమ్ముతాయి గానీ తిరిగి కొనవు. తర్వాత నగగా మార్చుకోవాలనుకుంటే, ఆ మార్పిడి చేసే నగల షాపులోనే కొనడం మంచిది.

ఇక సైజు. దాన్ని అడగకుండానే తెలుసుకోవచ్చు. మన గాజుల సైజు అంగుళాల్లోనూ, అంగుళంలో పదహారో వంతుల్లోనూ ఉంటుంది. ‘రెండు-నాలుగు’ అంటే రెండు అంగుళాల మీద నాలుగు పదహారో వంతులు, అంటే రెండుంబావు. ‘రెండు-ఎనిమిది’ అంటే రెండున్నర. మిల్లీమీటర్లలో చెప్పాలంటే రెండు-నాలుగు 57, రెండు-ఆరు 60, రెండు-ఎనిమిది 63 చిల్లర. సైజుకూ సైజుకూ తేడా మూడు మిల్లీమీటర్లే కాబట్టి కంటి అంచనా పనికిరాదు. పిల్ల రోజూ వేసుకునే గాజు ఒకటి ఆమె తల్లి చేతనో, గదిలో ఉండే స్నేహితురాలి చేతనో స్కేలు మీద పెట్టించి ఫొటో తెప్పించుకోండి. లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచుకు, సరిగ్గా మధ్యగా కొలవాలి. చాలామంది బయటి అంచు నుంచి కొలిచి ఒక సైజు ఎక్కువ చెప్పేస్తారు.

ఆ గాజు ఏ రకమో కూడా అడగాలి. గాజు చేతికి ఎక్కేటప్పుడు అడ్డు తగిలేది మణికట్టు కాదు, బొటనవేలు లోపలికి మడిచినా తగ్గని అరచేతి ఎముకల వెడల్పు. సన్నటి గాజును కాస్త వాలుగా తిప్పి ఎక్కించుకోవచ్చు. వెడల్పాటి కంకణాన్ని అలా తిప్పలేం. అందుకని సన్నగాజు రెండు-నాలుగు వేసుకునే అమ్మాయికి వెడల్పు కంకణం రెండు-ఆరు కావాల్సి రావచ్చు. అనుమానం తీరకపోతే పెద్దదే తీసుకోండి. కాస్త వదులైన గాజుకు ముందు సరిపడే మట్టిగాజులు వేసుకుంటే అది జారదు. చిన్నదైతే బీరువాలోనే ఉండిపోతుంది. స్క్రూ పెట్టి తెరిచే కంకణమైతే ఎముకల ఇబ్బందే ఉండదు. కాకపోతే స్క్రూ మర బిగువుగా ఉందో లేదో కౌంటర్ దగ్గరే రెండుమూడుసార్లు విప్పి బిగించి చూడాలి.

ఉంగరం సంగతి కొంత నయం. వెనకవైపు కోసి, ముక్క కలిపి అతికితే ఒకటి రెండు సైజులు పెంచవచ్చు. చుట్టూ రాళ్లున్న ఉంగరానికి మాత్రం కోయడానికి చోటుండదు. లోపలివైపు హాల్‌మార్క్ ముద్ర, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉంటాయి. అక్కడ కోయవద్దని పనివాడికి ముందే చెప్పాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ వస్తువో, ఎంత స్వచ్ఛతో కనిపిస్తుంది. వేరే షాపులో మార్చుకోవాల్సి వచ్చినప్పుడు అది ఎంతో అక్కరకొస్తుంది.

చీరకు సైజు గొడవ లేదు గానీ, జాకెట్ ముక్క కత్తిరించినా, ఫాల్ కుట్టించినా మామూలుగా షాపు వెనక్కి తీసుకోదు. ఆ పనులు పుచ్చుకున్నవాళ్లకే వదిలేయాలి.

మార్పిడి గురించి షాపులో అడగాల్సిన మాట ఒకటుంది. వాడని నగను కొద్ది రోజుల్లోపు తెస్తే వీఏ కోయకుండా మార్చిచ్చే షాపులున్నాయి. ఆ గడువు బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది, మనం బహుమతి ఇచ్చిన రోజు నుంచి కాదు. ఆషాఢం ఆఫర్లో కొని మాఘంలో పెళ్లికి పెడితే, గాజు చేతికి ఎక్కదని తెలిసేనాటికి గడువు ఎప్పుడో దాటిపోతుంది. ఇక్కడ చట్టం సాయం కూడా అంతంతమాత్రమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. సైజు సరిపోకపోవడం వస్తువు లోపం కాదు. కాబట్టి షాపు ఇచ్చిన మాటే మనకు దిక్కు, ఆ మాట బిల్లు మీద రాసి ఉండాలి. రేటు పెరుగుతుందనే భయంతో ముందే కొంటున్నవాళ్లు, అడ్వాన్సు కట్టి రేటు ఖాయం చేసుకుని పెళ్లికి నాలుగు రోజుల ముందు నగ తీసుకునే వీలుందేమో అడగవచ్చు.

చివరగా బిల్లు. ధర తెలుస్తుందని బిల్లు ఇవ్వడానికి మనవాళ్లు మొహమాటపడతారు. బిల్లు లేకపోతే పిల్ల షాపుకెళ్లి చేయగలిగింది చాలా తక్కువ. పెళ్లి హడావుడి తగ్గాక, ఒక కవర్లో పెట్టి పిల్ల తల్లికి విడిగా ఇవ్వండి. బిల్లు ఎవరి ఫోన్ నంబరు మీద ఉందో వాళ్లకొచ్చే ఓటీపీ అడిగే షాపులూ ఉన్నాయి. కొనేటప్పుడే పిల్ల పేరు, నంబరు కూడా రాయించి, బెంగళూరు బ్రాంచిలో మార్చిస్తారో లేదో కనుక్కుంటే ఆమె ఒక్కర్తే వెళ్లి పని ముగించుకోగలదు.