గూగుల్ యాడ్స్‌లో కన్వర్షన్లు సడన్‌గా పడిపోయాయా..? బిడ్లు మార్చే ముందు ఇవి చెక్ చేయండి

నిన్నటిదాకా రోజుకు 40 కన్వర్షన్లు చూపించిన గూగుల్ యాడ్స్ అకౌంట్.. ఉన్నట్టుండి 14 చూపిస్తోంది. ఖర్చు మాత్రం పైసా తగ్గలేదు. ఆన్‌లైన్‌లో చీరలో, పచ్చళ్లో అమ్ముకునే చిన్న వ్యాపారికి ఇంతకంటే కంగారు పెట్టే విషయం ఉండదు. ఆ కంగారులో చాలామంది బిడ్ పెంచేస్తారు, లేదంటే క్యాంపెయిన్ ఆపేసి కొత్తది మొదలుపెడతారు. కారణం తెలియకుండా చేసే ఆ మార్పు వల్ల అసలు సమస్య దొరక్కుండా పోయే ప్రమాదం ఉంది.

యాడ్ క్లిక్ చేసి వచ్చిన వ్యక్తి మనకు కావాల్సిన పని చేయడాన్నే కన్వర్షన్ అంటారు. అది ఆర్డర్ కావచ్చు, ఫోన్ కాల్ కావచ్చు. గూగుల్ చూపించే సంఖ్య మన వెబ్‌సైట్‌లో పెట్టిన చిన్న కోడ్ లెక్కపెట్టి పంపేది మాత్రమే. అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే.. నిజంగా ఆర్డర్లు తగ్గాయా, లేక లెక్క తగ్గిందా?

ముందు మీ ఆర్డర్ల లిస్టు తీయండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. మంగళగిరి చీరలు అమ్మే ఒక చిన్న ఆన్‌లైన్ స్టోర్ ఉందనుకోండి. యాడ్స్‌కు రోజుకు 10,000 రూపాయల ఖర్చు, 800 క్లిక్‌లు, 40 ఆర్డర్లు. ఇన్‌స్టాగ్రామ్ నుంచి, నేరుగా వచ్చేవాళ్ల నుంచి ఇంకో 15. అంటే రోజుకు మొత్తం 55 ఆర్డర్లు.

బుధవారం నుంచి గూగుల్ లెక్క 14కి పడిపోయింది. స్టోర్ అడ్మిన్ పేజీ తెరిస్తే బుధవారం 54, గురువారం 56 ఆర్డర్లు ఉన్నాయి. క్లిక్‌లు కూడా అదే 800 దగ్గర ఉన్నాయి. అంటే కస్టమర్లు ఎక్కడికీ పోలేదు, లెక్కపెట్టే మీటరే చెడిపోయింది. ఈ చెకింగ్‌కు పది నిమిషాలు కూడా పట్టదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గూగుల్ యాడ్స్‌లో మామూలుగా కనిపించే Conversions కాలమ్, ఆర్డర్‌ను అది వచ్చిన రోజు ఖాతాలో వేయదు. యాడ్ క్లిక్ చేసిన రోజు ఖాతాలో వేస్తుంది. సోమవారం క్లిక్ చేసి, ఇంట్లో అందరికీ చూపించి, గురువారం కొంటే అది సోమవారం ఆర్డరే. అందుకే ఈ రెండు మూడు రోజుల లెక్క ఎప్పుడు చూసినా కాస్త తక్కువగానే కనిపిస్తుంది, తర్వాత నిండుతుంది. అడ్మిన్ లిస్టుతో పోల్చాలంటే Conversions (by conv. time) అనే కాలమ్ తెచ్చుకోండి. అది ఆర్డర్ వచ్చిన రోజు ప్రకారం చూపిస్తుంది.

ఇంకో మాట. రోజుకు నాలుగు ఆర్డర్లు వచ్చే అకౌంట్‌లో ఒక రోజు రెండే వస్తే దాన్ని పతనం అనుకోకండి. అంత చిన్న సంఖ్యలు ఊరికే ఊగుతుంటాయి. వారం మొత్తం కలిపి చూడండి.

మరి 14 ఎందుకు.. సున్నా ఎందుకు కాలేదు?

అసలు క్లూ ఇదే. కోడ్ పూర్తిగా పోతే లెక్క సున్నా కావాలి. 14 వచ్చాయంటే కొన్ని ఆర్డర్లు లెక్కలోకి వస్తున్నాయి, మిగతావి జారిపోతున్నాయి. ఆ వచ్చినవి ఎలాంటివో చూడాలి. అనలిటిక్స్‌కు ఆర్డర్ నంబర్ కూడా పంపుతుంటే, అందులో ఉన్న నంబర్లను అడ్మిన్ లిస్టు పక్కన పెట్టి చూడొచ్చు.

మన స్టోర్‌లో అలా చూస్తే లెక్కలో ఉన్నవన్నీ క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లే! ఆన్‌లైన్ పేమెంట్ ఆర్డర్ ఒక్కటీ లేదు. మంగళవారం రాత్రి పేమెంట్ గేట్‌వే మార్చారు. అంతకుముందు ఎలా డబ్బు కట్టినా కస్టమర్ చివరికి ఒకే థాంక్యూ పేజీకి వచ్చేవాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కట్టినవాళ్లు కొత్త అడ్రస్ ఉన్న పేజీకి వెళ్తున్నారు. ట్యాగ్ మేనేజర్‌లో పెట్టిన నియమం మాత్రం ఇంకా పాత అడ్రస్ దగ్గరే కాపలా కాస్తోంది.

```
పాతది:  /thank-you
కొత్తది:  /payment-success
```

ఇలాంటి పాక్షిక లోపాన్ని గూగుల్ అకౌంట్ పట్టిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. వారం రోజులపాటు ఒక్కటీ రాకపోతే No recent conversions అనే హెచ్చరిక కనిపిస్తుంది. రోజుకు 14 వస్తుంటే అంతా బాగానే ఉందనే చూపిస్తుంది. Change history పేజీలోనూ ఏమీ దొరకదు, ఎందుకంటే మార్పు జరిగింది అకౌంట్‌లో కాదు, వెబ్‌సైట్‌లో. కాబట్టి సైట్ చూసే డెవలపర్‌ను అడగాల్సింది "ట్యాగ్ పనిచేస్తోందా" అని కాదు, "ఆ రోజు ఏం మార్చారు" అని.

మన దగ్గర యూపీఐతో వచ్చే ఇబ్బంది ఇంకోటి ఉంది. మొబైల్‌లో కొనేవాళ్లు పేమెంట్ యాప్‌లోకి వెళ్లి డబ్బు కట్టేసి, మళ్లీ బ్రౌజర్‌కు రాకుండా ఫోన్ పక్కన పెట్టేస్తారు. డబ్బు వచ్చింది, ఆర్డర్ పడింది, థాంక్యూ పేజీ మాత్రం తెరుచుకోలేదు. కోడ్ పనిచేయడానికి అవకాశమే లేదు. ఇలాంటివి ఎక్కువగా ఉంటే, పేమెంట్ అయినట్టు గేట్‌వే మన సర్వర్‌కు పంపే సమాచారం ఆధారంగా కన్వర్షన్లను గూగుల్‌కు పంపించుకునే ఏర్పాటు చేసుకోవడమే దారి.

ల్యాండింగ్ పేజీని కూడా ఒకసారి పరీక్షించండి. గూగుల్ సాధారణంగా క్లిక్ అయినప్పుడు లింకు చివర gclid అనే గుర్తు తగిలిస్తుంది. మీ ప్రొడక్ట్ లింకుకు చేత్తో ఇలా తగిలించి తెరవండి.

```
?gclid=test123
```

పేజీ పూర్తిగా తెరుచుకున్నాక అడ్రస్‌లో అది మాయమైతే, మధ్యలో ఏదో రీడైరెక్ట్ దాన్ని తినేస్తోందని అనుమానించాలి. అప్పుడు ఆర్డర్ వచ్చినా ఏ యాడ్ వల్ల వచ్చిందో గూగుల్‌కు తెలియడం కష్టం.

వారం వదిలేస్తే నిజంగానే ఆర్డర్లు పోతాయి

లెక్కే కదా తప్పింది, అమ్మకాలు బాగానే ఉన్నాయిగా అని వదిలేయకూడదు. ఆటోమేటిక్ బిడ్డింగ్ వాడుతుంటే అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది.

10,000 ఖర్చుకు 40 ఆర్డర్లు వస్తే ఒక్కోదానికి 250 రూపాయలు. మన టార్గెట్ కూడా అదే పెట్టాం. ఇప్పుడు సిస్టమ్‌కు కనిపించేది 14 మాత్రమే, అంటే ఒక్కోదానికి 700 పైనే. క్లిక్‌లకు విలువ తగ్గిందని అది నమ్మి బిడ్లు తగ్గించుకుంటూ పోతుంది. వారం తిరిగేసరికి 800 క్లిక్‌లు 500 అయ్యాయనుకోండి. అదే నిష్పత్తిలో యాడ్స్ ఆర్డర్లు నిజంగానే 25కి పడిపోతాయి. అప్పుడు అడ్మిన్ లిస్టు తీసినా మొత్తం 40 దగ్గరే ఉంటుంది.

ఈ దశలో మొదటిసారి చూసినవాళ్లు పోటీ పెరిగిందని పొరబడతారు. ఎందుకంటే Search lost IS (rank) అనే కాలమ్ కూడా పెరిగి కనిపిస్తుంది. తేడా పట్టుకోవాలంటే ఒక్కో క్లిక్‌కు కట్టే సగటు ధర చూడండి. ర్యాంక్ వల్ల నష్టం పెరుగుతూ క్లిక్ ధర తగ్గుతోందంటే చాలావరకు వెనక్కి తగ్గింది మనమే. ధర కూడా పెరుగుతుంటే అవతల ఎవరో గట్టిగా దిగారని అనుమానించాలి.

రిపేర్ ఇలా ఉంటుంది. ముందు ట్యాగ్ నియమాన్ని రెండు పేజీలకూ వర్తించేలా మార్చాలి. Tag Assistant తెరిచి ఆన్‌లైన్ పేమెంట్‌తో ఒకటి, క్యాష్ ఆన్ డెలివరీతో ఒకటి టెస్ట్ ఆర్డర్ పెట్టి చూసుకోవాలి. ఆ తర్వాత టూల్స్‌లో Data exclusions అనే సెట్టింగ్‌లో ఆ చెడిపోయిన రోజులను చేర్చాలి. ఆ రోజుల లెక్కను చూసి బిడ్లు నేర్చుకోవద్దని సిస్టమ్‌కు చెప్పడం అన్నమాట. అక్కడ ఇవ్వాల్సినవి క్లిక్ తేదీలు. బుధవారం నుంచి లెక్క చెడితే, సోమ, మంగళవారాల్లో క్లిక్ చేసి తర్వాత కొన్నవాళ్ల ఆర్డర్లు కూడా పోయి ఉంటాయి. అందుకే కొనడానికి మీ కస్టమర్లు తీసుకునే టైమ్‌ను బట్టి ఒకట్రెండు రోజులు వెనక్కి జరపాలి. అమ్మకాలు నిజంగా తగ్గిన రోజులను దాచడానికి మాత్రం దీన్ని వాడొద్దు.

ట్యాగ్ బాగానే ఉంది.. ఆర్డర్లే తగ్గాయి. అప్పుడు?

క్లిక్‌లు చూడండి. క్లిక్‌లు అలాగే ఉండి ఆర్డర్లు తగ్గితే తప్పు సైట్ మీదే వెతకాలి. మీ ఫోన్‌లోంచే ఒక చీర కొని చూడండి. పేమెంట్ ఆగిపోవడం, బాగా అమ్ముడయ్యే రంగు స్టాక్ అయిపోవడం, డెలివరీ ఛార్జీ పెరగడం.. ఇలాంటివే ఎక్కువగా బయటపడతాయి.

క్లిక్‌లే తగ్గితే ముందు డబ్బు సంగతి. ముందుగా బ్యాలెన్స్ వేసుకునే పద్ధతిలో ఉన్న అకౌంట్‌లో ఆ బ్యాలెన్స్ అయిపోతే యాడ్స్ ఆగిపోతాయి. క్లిక్‌లు ఏ గంట నుంచి సున్నా అయ్యాయో చూస్తే తెలిసిపోతుంది. ఇక రోజువారీ బడ్జెట్ చాలడం లేదా అనేది Search lost IS (budget) చెబుతుంది. డిసప్రూవల్ కూడా ఇలాగే ఉన్నట్టుండి పడేస్తుంది, కాకపోతే మొత్తం అకౌంట్ కాకుండా ఒక యాడ్‌నో, కొన్ని ప్రొడక్టులనో. సైట్‌లో ధర మార్చి మర్చంట్ సెంటర్‌లో పాత ధర వదిలేస్తే షాపింగ్ యాడ్స్‌లో ఆ చీరలు కనిపించకుండా పోతాయి. ధర సరిచేయకుండా అప్పీల్ చేసి లాభం లేదు.

సీజన్ ప్రభావం మాత్రం వేరేగా ఉంటుంది. ఒక్క గంటలో పడదు, రోజులు గడిచేకొద్దీ దిగుతుంది. వెతికేవాళ్లే తగ్గుతారు కాబట్టి యాడ్ కనిపించిన సంఖ్య తగ్గుతుంది, కానీ మన వాటా శాతం పెద్దగా మారదు. దీన్ని తేల్చడానికి పోయినేడాది అదే తేదీతో పోల్చడం తెలుగువాళ్ల వ్యాపారంలో కుదరదు. వరలక్ష్మీ వ్రతం 2023లో అధిక శ్రావణం వల్ల ఆగస్టు 25న వచ్చింది, 2024లో 16న, 2025లో 8న. ఆగస్టు 12ను ఆగస్టు 12తో పోలిస్తే 2024లో అది పండగ ముందు హడావిడి, 2025లో పండగ అయిపోయిన వారం. ఆర్డర్లు సగమైనా అందులో వింతేమీ లేదు. పండగకు ఎన్ని రోజుల ముందో, ఎన్ని రోజుల తర్వాతో లెక్కేసి పోల్చాలి.

వెతికేవాళ్లు అంతే ఉండి, బడ్జెట్ సరిపోతూ, మన వాటా మాత్రమే తగ్గితే.. అప్పుడు Auction insights తెరవండి. తగ్గుదలకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు పక్కపక్కన పెట్టండి. కొత్త పేరు వచ్చిందా, పాత పోటీదారు మనతో పాటు కనిపించడం ఎక్కువైందా అన్నది తెలుస్తుంది. వాళ్లు ఎంత బిడ్ పెట్టారో, ఎంత ఖర్చు చేస్తున్నారో ఆ రిపోర్ట్ చెప్పదు. పెద్ద సైట్ ఒకటి పండగ సేల్ కోసం దిగిందని తేలితే, అన్ని పదాల మీదా పోటీపడటం కంటే మీకు ఆర్డర్లు తెచ్చే నాలుగైదు పదాలను ఒక క్యాంపెయిన్‌లో వేరు చేసి, వాటికి మాత్రమే బడ్జెట్ నిలబెట్టుకోవడం చిన్న స్టోర్‌కు నయం. సేల్ ముగిశాక అదే రిపోర్ట్ మళ్లీ తీసి, వాళ్లు వెళ్లారో లేదో చూసుకుని మిగతా పదాలను తిరిగి తెరవొచ్చు.