రెండు రిపోర్టులు, ఏడు కిలోల తేడా

పోయిన నెల మా అక్క రెండు హెల్త్ చెకప్ రిపోర్టులు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి వాళ్ల స్కూల్లో జరిగిన వైద్య శిబిరంలో ఇచ్చింది. రెండోది వారం తర్వాత ఒక ల్యాబ్‌లో చేయించుకున్నది. రెండింట్లోనూ బరువు 64.5 కిలోలే. తన ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలని రెండుచోట్లా తనే చెప్పింది. అయినా శిబిరం కాగితంలో బీఎంఐ 23.8 అనీ, ‘నార్మల్’ అనీ, ఉండదగిన బరువు 50.1 నుంచి 67.7 కిలోలనీ ఉంది. ల్యాబ్ కాగితంలో బీఎంఐ 24.4, ‘అధిక బరువు’, ఉండదగిన బరువు 48.9 నుంచి 60.7 కిలోలు.

“ఒకళ్లు బాగానే ఉన్నావంటారు, ఇంకొకళ్లు నాలుగు కిలోలు తగ్గమంటారు. ఏది నమ్మాలే?” అంది అక్క.

ఎవరి లెక్క ఏమిటో తెలియాలంటే ఆ అంకెలు ఎలా పుట్టాయో చూడాలి. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. బెల్జియం గణాంక శాస్త్రవేత్త కెట్లే పెద్దల బరువు ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతోందని 19వ శతాబ్దంలోనే గమనించాడు. ఆ నిష్పత్తికి ‘బాడీ మాస్ ఇండెక్స్’ అన్న పేరు 1972లో అమెరికా పరిశోధకుడు ఆన్సెల్ కీస్ పెట్టాడు. మన ఎత్తుకు ఎంత బరువు ఉండొచ్చో తెలియాలంటే ఇదే లెక్కను తిరగేయాలి. ఎత్తు వర్గాన్ని 18.5తో గుణిస్తే కింది హద్దు వస్తుంది, పై గీత అంకెతో గుణిస్తే పై హద్దు వస్తుంది.

అక్క ఎత్తుతోనే చేద్దాం. 5 అడుగుల 4 అంగుళాలంటే మొత్తం 64 అంగుళాలు. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు కాబట్టి 162.56 సెంటీమీటర్లు, అంటే 1.6256 మీటర్లు. దాన్ని దానితోనే గుణిస్తే 2.6426. ఇక రెండు గుణకారాలే మిగిలాయి.

```
18.5 × 2.6426 = 48.89
23   × 2.6426 = 60.78
```

ఇక్కడ చిన్న జాగ్రత్త ఒకటుంది. కింది హద్దును పైకి సవరించాలి, పై హద్దును కిందికి సవరించాలి. 60.78ని 60.8 అని రాస్తే, ఆ బరువుకు బీఎంఐ 23.01 అయి గీత దాటేస్తుంది. అందుకే 48.9 నుంచి 60.7. ల్యాబ్ కాగితంలో ఉన్నవి సరిగ్గా ఇవే.

మరి శిబిరం కాగితం సంగతి? దాని తప్పు కింది హద్దులోనే బయటపడింది. ఆరోగ్యకరమైన బరువు 18.5 దగ్గర మొదలవుతుందన్న లెక్కే ఈ రెండు కాగితాలకూ ఆధారం. ఎత్తు ఒకటే అయినప్పుడు కింది హద్దూ ఒకటే కావాలి. కానీ ఒకచోట 48.9, ఇంకొకచోట 50.1. అంటే వాళ్ల కంప్యూటర్‌లో అక్క ఎత్తు వేరుగా ఉందన్నమాట. 50.1ని 18.5తో భాగించి వర్గమూలం తీస్తే 1.646 మీటర్లు వచ్చింది. 5.4ని అడుగుకు 30.48 సెంటీమీటర్ల చొప్పున గుణించినా అదే వస్తుంది. ఐదడుగుల నాలుగంగుళాలని అక్క చెబితే, అక్కడ కూర్చున్నవాళ్లు ‘5.4’ అని కొట్టారు. అడుగుకు పన్నెండు అంగుళాలు. కాబట్టి నాలుగంగుళాలంటే అడుగులో మూడో వంతు, 0.33. 0.4 కాదు.

అక్క విషయంలో ఈ పొరపాటు రెండు సెంటీమీటర్లతో పోయింది. కానీ 5 అడుగుల 10 అంగుళాల మనిషికి ‘5.10’ అని కొడితే కంప్యూటర్ దాన్ని 5.1 అడుగులుగా, అంటే 155 సెంటీమీటర్లుగా తీసుకుంటుంది. అతని అసలు ఎత్తు దాదాపు 178. అతని పై హద్దు 72.7 కిలోలైతే, కాగితం మీద 55.5 అని వస్తుంది. 68 కిలోలతో చక్కగా ఉన్న కుర్రాడికి ఊబకాయం అని రాసిస్తుంది. అందుకే అడుగులు, అంగుళాలతో పని పెట్టుకోకుండా సెంటీమీటర్లలోనే ఎత్తు చెప్పడం మేలని నేను అందరికీ చెబుతుంటాను.

అంగుళాల పొరపాటు సరిచేశాక కూడా శిబిరం వాళ్ల పై హద్దు 66 కిలోల దాకా ఉంది. ఏడు కిలోల తేడాలో ఇంకా ఐదుకు పైగా మిగిలే ఉన్నాయి. ఇది మాత్రం తప్పు కాదు. వాళ్లు 23కు బదులు 25తో గుణించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలకూ వాడే గీత 25. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 18.5, 25 గీతలతోనే లెక్కిస్తుంది. అయితే ఆసియా వాసుల్లో చాలామందికి 25 కంటే ముందే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతోందని అదే సంస్థ నిపుణులు గుర్తించారు. 2004లో వాళ్ల నివేదిక పాత గీతల్ని అలాగే ఉంచి, ఆసియా జనాభాకు 23 దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టాలని చేర్చింది. 2009లో భారతీయ వైద్య నిపుణులు కూడి చేసిన సిఫారసుల్లోనూ 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం.

రెండు కిలోమీటర్లు నడిస్తే ఆయాసపడని మనిషికి కూడా ఇంత ముందే గీత ఎందుకు? దీనికి నాకు నచ్చిన ఉదాహరణ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఒక ఫొటో. అందులో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతమైతే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. తూకం యంత్రానికి కండైనా కొవ్వైనా ఒక్కటే. మనవాళ్లలో అదే బరువుకు కొవ్వు పాలు ఎక్కువ, అందులోనూ పొట్ట చుట్టూ చేరేది ఎక్కువ. కాబట్టి అక్కకు నేను చెప్పింది 23 గీతనే పట్టుకోమని.

పొట్ట దగ్గరి కొవ్వు ఈ లెక్కలో కనబడదు కాబట్టి టేపు కూడా తీశాం. నడుము చుట్టుకొలతకు మన ఆడవాళ్లకు హద్దు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. అక్కకు 86 వచ్చింది. బీఎంఐ 23 లోపే ఉన్నా ఈ అంకె ఒక్కటే డాక్టరుకు చూపించాల్సినంత విషయం. గర్భిణులకు, పిల్లలకు ఈ హద్దులేవీ వర్తించవు. బాగా కండలు పెంచినవాళ్లకు పై హద్దు సరిపోదు.

చివరికి ఒక అనుమానం వచ్చింది. అక్క చెప్పిన ఎత్తు ఎప్పటిది? బీఈడీలో చేరినప్పుడు కొలిచిందట. ఇప్పుడు తనకు యాభై రెండు. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద గట్టి అట్ట పుస్తకం ఒకటి గోడకు లంబంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీశాను. 161 సెంటీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటరే తగ్గినా ఎత్తును వర్గం చేస్తాం కాబట్టి పై హద్దు కిలోకు పైగా జారింది. ఈసారి వచ్చినవి 48 నుంచి 59.6 కిలోలు, బీఎంఐ 24.9. రెండు కాగితాల వెనకా ఆ అంకెలు రాసి, రెండూ తన హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టాను.