ముప్పై కోట్లని చెప్పి ఇరవై ఆరు

స్టార్టప్‌లో పెట్టుబడి మాటల్లో ‘వాల్యుయేషన్’ అనగానే ముందు అడగాల్సింది ఒకటుంది. ఆ అంకె డబ్బు రాకముందుదా, వచ్చాకదా? ఎంబీఏ తరగతుల్లో స్టార్టప్ ఫైనాన్స్ లెక్క మొదలయ్యేది ఇక్కడే. అలాంటి లెక్కనే ఒకటి వేసి చూద్దాం.

ఇద్దరు స్నేహితులు కంపెనీ పెట్టారు. మొత్తం 10 లక్షల షేర్లలో పెద్దాయనకు 6 లక్షలు, రెండో ఆయనకు 4 లక్షలు. ఒక ఇన్వెస్టర్ వచ్చి, ‘మీ కంపెనీకి 8 కోట్ల విలువ కట్టి 2 కోట్లు పెడతాను’ అన్నాడు. ఆ 8 కోట్లు ప్రీ-మనీ అయితే, ఆయన 2 కోట్లు కలిశాక పోస్ట్-మనీ 10 కోట్లు, ఆయన వాటా 20 శాతం. 8 కోట్లే పోస్ట్-మనీ అయితే ఆయన వాటా 25 శాతానికి చేరుతుంది. టర్మ్ షీట్‌లో ఒక్క పదం తేడాతో 5 శాతం కంపెనీ చేతులు మారుతుందన్నమాట.

మన లెక్కలో అది ప్రీ-మనీయే అనుకుందాం. 8 కోట్లను 10 లక్షల షేర్లతో భాగిస్తే షేరు 80 రూపాయలు. 2 కోట్లకు కొత్తగా 2.5 లక్షల షేర్లు ఇస్తారు. స్థాపకుల షేర్లు ఒక్కటీ తగ్గలేదు. మొత్తం 12.5 లక్షలకు పెరగడంతో పెద్దాయన వాటా 60 నుంచి 48 శాతానికి దిగింది. డైల్యూషన్ అంటే ఇంతే. మన షేర్లు ఎవరూ లాక్కోరు, కొత్తవి పుడతాయి.

అసలు చిక్కు రెండో రౌండులో ఉంది. ఏడాదిన్నర తర్వాత మరో ఫండ్ 30 కోట్ల ప్రీ-మనీకి 10 కోట్లు పెడతానంది. పోస్ట్-మనీ 40 కోట్లు, ఫండ్ వాటా 25 శాతం. షేరు ధర 30 కోట్లను 12.5 లక్షలతో భాగిస్తే 240 రూపాయలు. పెద్దాయన 48 శాతంలో పావు వంతు పోయి 36 మిగలాలి. అందరూ సంతోషించారు. టర్మ్ షీట్ మూడో పేజీలో ఒక వాక్యం కనబడే దాకా.

ఉద్యోగులకు ఇచ్చే ఈసాప్‌ల కోసం రౌండ్ ముగిసేసరికి 10 శాతం పూల్ ఉండాలి, దాన్ని ప్రీ-మనీలోనే లెక్కించాలి అని ఆ వాక్యం. అంటే పూల్ భారం కొత్త ఫండ్ మీద పడదు, పాతవాళ్లే మోయాలి. ఫండ్‌కు 25, పూల్‌కు 10 పోతే పాత 12.5 లక్షల షేర్లు మొత్తంలో 65 శాతమే కావాలి. 12.5 లక్షలను 0.65తో భాగిస్తే మొత్తం 19,23,077 షేర్లు. 40 కోట్లను వాటితో భాగిస్తే షేరు 208 రూపాయలు. పెద్దాయన చేతిలో మిగిలింది 31.2 శాతం.

ఇప్పుడు 208ని పాత 12.5 లక్షల షేర్లతో గుణించండి. 26 కోట్లు వస్తుంది. పాతవాళ్ల కంపెనీకి ఫండ్ నిజంగా కట్టిన విలువ అదే. మిగిలిన 4 కోట్లు ఇంకా ఎవరికీ ఇవ్వని పూల్ విలువ. ఆ గుణకారం రెండు నిమిషాల పని, కానీ వేసి చూసుకునేవాళ్లు తక్కువ. పూల్ వద్దని బేరమాడటం ఎలాగూ కుదరదు, ఉద్యోగులకు ఏదో ఒకటి ఇవ్వాలి కదా. బేరమాడాల్సింది దాని సైజు మీద. వచ్చే ఏడాదిన్నరలో ఎవరెవరిని తీసుకుంటారో, ఒక్కొక్కరికి ఎన్ని ఆప్షన్లు ఇస్తారో పట్టిక వేసి, 6 శాతం చాలని చూపిస్తే షేరు ధర 220.80కి పెరుగుతుంది.

వాటా తగ్గినా విలువ పెరిగిందిగా అంటారా? నిజమే. మొదటి రౌండు తర్వాత పెద్దాయన షేర్ల విలువ 4.8 కోట్లు, ఇప్పుడు 12.48 కోట్లు. కాకపోతే అది కాగితం మీద లెక్క. ఫండ్ తాజాగా కొన్న షేరు ధరతో అందరి షేర్లనూ గుణిస్తే వచ్చిన అంకె. ఇన్వెస్టర్లు కొనేవి సాధారణంగా ప్రిఫరెన్స్ షేర్లు. కంపెనీ అమ్ముడైతే తాము పెట్టింది ముందు వెనక్కి తీసుకునే హక్కు, లేదా మామూలు షేర్లుగా మార్చుకుని వాటా తీసుకునే హక్కు వాటికి ఉంటుంది. స్థాపకుల షేర్లకు అది ఉండదు.

పూల్ నుంచి ఎవరికీ ఏమీ ఇవ్వకముందే కంపెనీ 15 కోట్లకు అమ్ముడైందనుకోండి. 31.2 శాతం లెక్కన పెద్దాయనకు 4.68 కోట్లు రావాలి. కానీ ఫండ్ తన 10 కోట్లు ముందే తీసుకుంటుంది. మొదటి ఇన్వెస్టర్ తన 2 కోట్లు తీసుకుంటాడు. మార్చుకుంటే అంత రాదని ఇద్దరికీ తెలుసు. మిగిలిన 3 కోట్లను స్నేహితులిద్దరూ తమ షేర్ల లెక్కన పంచుకుంటే పెద్దాయనకు 1.8 కోట్లు, రెండో ఆయనకు 1.2 కోట్లు.