తెలిసిన మాటకే డిక్షనరీ

ఆఫీసులో ఒకరు పైఅధికారికి పంపిన మెయిల్ అనుకోండి. "వీ డిస్కస్డ్ అబౌట్ ది డిలే. ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్ యూ ది రీజన్ టుమారో. ప్లీజ్ సజెస్ట్ మీ ఎ డేట్." చదివినవారికి విషయం తెలిసిపోతుంది, కానీ మూడు వాక్యాల్లోనూ తప్పుంది. రాసిన మనిషికి ఆ క్రియలు కొత్తవి కావు, హైస్కూలు నుంచీ తెలిసినవే. ఏ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తీసినా చర్చించు, వివరించు, సూచించు అనే ఉంటుంది. ఆ అర్థాల్లో లోపమేమీ లేదు. తప్పు ఆ అర్థాల పక్కన లేనిదాని వల్ల వచ్చింది.

తెలుగులో 'నాకు ఇవ్వండి' అంటాం, 'నాకు చెప్పండి' అంటాం, 'నాకు వివరించండి', 'నాకు సూచించండి' అని కూడా అంటాం. నాలుగు చోట్లా ఒకే 'కు'. ఇంగ్లీషులో మొదటి రెండింటికి 'గివ్ మీ', 'టెల్ మీ' సరిపోతాయి. తర్వాతి రెండింటికి సరిపోవు. 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ' అనాలి, 'సజెస్ట్ ఎ డేట్ టు మీ' అనాలి, లేదా ఆ 'మీ'ని వదిలేసి 'సజెస్ట్ ఎ డేట్' అంటే చాలు. ఈ తేడాను అర్థం నుంచి ఊహించలేం, ఎందుకంటే అది అర్థంలో లేదు, ఆ క్రియ వాడుకలో ఉంది. 'డిస్కస్' సంగతీ అంతే. మనం 'ఆలస్యం గురించి చర్చించాం' అంటాం కాబట్టి ఆ 'గురించి'కి 'అబౌట్' తగిలిస్తాం. పైగా 'డిస్కషన్ అబౌట్' అనే నామవాచక ప్రయోగం సరైనదే కాబట్టి చెవికి అనుమానం కూడా రాదు.

నేర్చుకునేవారి కోసం తయారుచేసిన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువులో, అంటే లెర్నర్స్ డిక్షనరీలో, ఇదే 'డిస్కస్' తీసి చూడండి. అర్థం రెండు ముక్కల్లో అయిపోతుంది. దాని వెంట 'డిస్కస్ సంథింగ్ విత్ సంబడీ' అనే నమూనా బొద్దు అక్షరాల్లో ఉంటుంది. కింద రెండు మూడు ఉదాహరణ వాక్యాలు ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ ఇంకో అడుగు ముందుకేసి, దీని తర్వాత 'అబౌట్' రాకూడదని విడిగా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక మన గురించే రాసినట్టు అనిపిస్తుంది గానీ, ఈ పొరపాటు చేసేవాళ్లు ప్రపంచంలో చాలా దేశాల్లో ఉన్నారు.

ఈ రకం నిఘంటువు పుట్టింది కూడా ఇంగ్లండులో కాదు. ఎ.ఎస్. హార్న్‌బీ 1924లో జపాన్ వెళ్లి అక్కడ ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. తన విద్యార్థులకు మాటల అర్థాలు తెలిసినా వాటిని వాక్యంలో ఎలా పెట్టాలో తెలియడం లేదని అతను గమనించాడు. ఏ క్రియ తర్వాత ఏ రూపం వస్తుందో వర్గాలుగా విడదీసి, ఇద్దరు సహచరులతో కలిసి ఒక నిఘంటువు సిద్ధం చేశాడు. అది 1942లో, యుద్ధం మధ్యలో, టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్నే మళ్లీ ప్రచురించింది. మన ఇళ్లలో కనిపించే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని వారసత్వమే. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారి కోసం రాసిన పెద్ద నిఘంటువుకూ దీనికీ పోలిక తక్కువ. ఆ పెద్ద నిఘంటువు 'డిస్కస్' తర్వాత ఏం రావాలో చెప్పాల్సిన అవసరం ఉందనుకోదు.

కాబట్టి ద్విభాషా నిఘంటువు నుంచి ఇటు మారాలా అని అడిగేవారికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు ఎక్కువగా చదవడానికి వెతుకుతున్నారా, రాయడానికి వెతుకుతున్నారా? చదువుతూ తెలియని మాట తగిలినప్పుడు తెలుగు అర్థం చూసి ముందుకు సాగడంలో నష్టం లేదు, పైగా అది వేగం. మారడం వల్ల అసలు లాభం రాసేటప్పుడు వస్తుంది. అదీ కొత్త మాటలకు కాదు, మనకు బాగా తెలుసనుకున్న మాటలకు. మామూలుగా మనం తెలియని మాట కోసమే నిఘంటువు తెరుస్తాం. ఈ అలవాటును తిరగేసినవారికే లెర్నర్స్ డిక్షనరీ ఖరీదు గిట్టుబాటవుతుంది.

'అడ్వైస్' అనే మాట తీసుకుందాం. తెలుగులో సలహా, సలహాలు. అందుకే 'అడ్వైసెస్' అని రాసేస్తాం. లెర్నర్స్ డిక్షనరీలో నామవాచకం పక్కన ఒక చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. లెక్కించదగినదైతే 'సి', కానిదైతే 'యు'. 'అడ్వైస్' పక్కన 'యు' ఉంటుంది. ఇన్‌ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్‌లకూ అంతే. 'యు' ఉన్న మాటకు బహువచనం రాదు, ముందు 'యాన్' కూడా రాదు. ఆ ఒక్క అక్షరాన్ని పట్టించుకోనివారు వెయ్యి పేజీలు తిప్పినా దొరికేది తెలుగు నిఘంటువులో దొరికే పాటి అర్థమే.

అయితే ఇంగ్లీషు అర్థాన్ని ఇంగ్లీషులోనే చదివి గ్రహించగలగాలి కదా. ఇక్కడే తొందరపడినవారు దెబ్బతింటారు. ఈ ఇబ్బందికి మందు వెతికినవారిలో మైకేల్ వెస్ట్ ఒకడు. బెంగాల్లో, ఢాకాలో, ఉపాధ్యాయ శిక్షణలో పనిచేసిన మనిషి. 1935లో వచ్చిన అతని నిఘంటువు 24 వేలకు పైగా మాటలకూ పదబంధాలకూ అర్థాలను కేవలం 1490 మాటల్లోనే చెప్పింది. తర్వాత 1978లో వచ్చిన లాంగ్‌మన్ వారి నిఘంటువు సుమారు 2 వేల మాటలకు కట్టుబడింది. అంటే ఆ రెండు వేల మాటలు చేతిలో ఉంటే, ఆ పుస్తకంలోని అర్థాలు దాదాపు అన్నీ తెలుస్తాయన్నమాట. ఎప్పుడు మారాలి అన్నదానికి ఇంతకంటే గట్టి కొలబద్ద నాకు కనిపించలేదు. తరగతితో పని లేదు, వయసుతో అసలే లేదు. బహుమతి ప్రదానాల్లో ఏడో తరగతి పిల్లల చేతుల్లో పెట్టే 'అడ్వాన్స్‌డ్' పుస్తకాలు బీరువాల్లో కొత్తవిగానే ఉండిపోవడానికి కారణం కూడా ఇదే.

మీరు ఆ స్థాయికి వచ్చారో లేదో ఒక సాయంత్రంలో తేల్చుకోవచ్చు. ఇటీవల మీరు తెలుగు అర్థం వెతుక్కున్న మాటలు పది రాసుకోండి. వాటి ఇంగ్లీషు అర్థాలను చదవండి. ఒక అర్థంలో తెలియని మాట వచ్చి, దానికోసం ఇంకో పేజీ, అక్కడ మరో మాటకోసం ఇంకో పేజీ తిప్పాల్సి వస్తోందా? పదిలో రెండు మూడింటికి అలా జరిగితే ఫరవాలేదు. సగానికి పైగా జరిగితే ఇంకొన్నాళ్లు ఆగండి, లేదా అదే ప్రచురణకర్తల దగ్గర కింది స్థాయి పుస్తకం తీసుకోండి. పేజీలు తిరగడం కంటికి కనిపించే తప్పు కాబట్టి దాన్ని పట్టుకోవడం సులువు.

కనిపించని తప్పు ఇంకొకటి ఉంది. అర్థంలో తెలిసిన ఒక్క ముక్క దొరకగానే, మిగతాదాన్ని వదిలి దానికే అతుక్కుపోవడం. జార్జ్ మిల్లర్, పట్రిషియా గిల్డియా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1987లో దీన్ని వివరించారు. అమెరికా బడిపిల్లలకు నిఘంటువు అర్థాలిచ్చి వాక్యాలు రాయమంటే, వాళ్లు అచ్చం ఇదే చేశారు. 'ఇరోడ్' అంటే కోసుకుపోవడం. దాని అర్థంలో 'ఈట్ అవుట్' అనే ముక్క ఉంది. ఇంగ్లీషులో హోటల్లో తినడాన్ని కూడా అలాగే అంటారు. దాంతో ఒక పిల్లవాడు తమ కుటుంబం తరచూ 'ఇరోడ్' అవుతుందని రాశాడు. ఇంగ్లీషే మాతృభాషైన పిల్లల సంగతే ఇలా ఉంటే మనం జాగ్రత్త పడాల్సిందే. విరుగుడు కష్టమేం కాదు. అర్థం చదివాక ఆగకుండా ఉదాహరణలు చదవాలి, ఆ మాట దేనితో కలిసి వస్తోందో చూడాలి. 'ఇరోడ్' ఉదాహరణల్లో నది ఒడ్డు, సముద్ర తీరం, నమ్మకం కనిపిస్తాయి తప్ప భోజనం కనిపించదు. 1987లోనే వెలువడిన కోబిల్డ్ నిఘంటువు అర్థాన్నే పూర్తి వాక్యంగా రాసింది, ఆ మాటను వాక్యంలో పెట్టి మరీ చెప్పింది. ఇలా తప్పుదారి పట్టేవారికి అది నచ్చవచ్చు.

ఎంత స్థాయికి వచ్చినా లాభం లేని చోట్లు కొన్ని ఉన్నాయి. 'క్యుమిన్' అని వెతికితే, వంటలో మసాలాగా వాడే ఒక మొక్క ఎండు గింజలు అని ఇంగ్లీషులో చెబుతుంది. మెంతులూ అంతే, ధనియాలూ అంతే. 'జీలకర్ర' అన్న ఒక్క మాట ఆ వివరణంతా చెయ్యలేని పని చేస్తుంది. చెట్లు, చేపలు, పప్పులు, రోగాలు, పనిముట్ల పేర్లకు తెలుగు అర్థాన్ని చూడడం చిన్నతనం కానే కాదు. భాషా పరిశోధకులు బాట్యా లాఫర్, లినోర్ హడార్ 1997లో ఏకభాషా, ద్విభాషా, రెండూ కలిసిన నిఘంటువులను పోల్చిచూశారు. మొత్తమ్మీద రెండూ కలిసినదే మెరుగని తేలింది. మన బజారులో దొరికే ఇంగ్లీషు–ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు ఆ కోవలోవే. పక్కనే తెలుగు కనబడితే కన్ను ముందు దానిమీదికే పోతుందని కొందరు ఉపాధ్యాయులు వాటిని ఇష్టపడరు. ఆ మాటలో కొంత నిజం ఉంది గానీ, పుస్తకాన్ని తప్పుపట్టేంత నిజం లేదు.

అసలు తెలుగు నుంచి మొదలయ్యే వెతుకులాటకు లెర్నర్స్ డిక్షనరీ ఒంటరిగా పనికిరాదు. దాన్ని తెరవడానికి ముందు ఒక ఇంగ్లీషు మాట చేతిలో ఉండాలి. ఒకావిడ స్నేహితురాలి గురించి 'సన్నగా ఉంటుంది' అని ఇంగ్లీషులో రాయాలనుకుంది. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులోనో ఫోన్లోనో వెతికితే థిన్, స్లిమ్, స్కిన్నీ అని వరసగా వస్తాయి. వాటిలో ఏది వాడాలో అక్కడ ఉండదు. ఆ మూడింటినీ లెర్నర్స్ డిక్షనరీలో ఒక్కొక్కటిగా చూస్తే, 'స్లిమ్' దగ్గర మెచ్చుకోలు అనే గుర్తు ఉంటుంది. 'స్కిన్నీ' దగ్గర ఇది మామూలు మాటల్లో వాడేదనీ, ఎక్కువగా చులకనతో అనేదనీ ఉంటుంది. 'థిన్' ఒక్కోసారి బలహీనతను కూడా సూచిస్తుంది. ఆవిడ 'స్లిమ్' రాసింది. ఇలా చూడడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఈ నిఘంటువుల్లో చాలావాటికి ఉచితంగా చూసుకునే వెబ్‌సైట్లు ఉన్నాయి కాబట్టి ఖర్చు లేదు. ఈ పని రోజంతా ప్రతి మాటకూ చెయ్యనక్కర్లేదు. రాసింది ఇంకొకరికి పంపే ముందు, అందులోని క్రియల్లో రెండింటిని, వీలైతే అన్నిటికన్నా సులువుగా అనిపించిన రెండింటిని, ఎంచుకుని చూస్తే చాలు.