సంతకానికి ముందు ఒక పేరా

‘‘నమస్కారమండీ. మీరు పంపిన ఒప్పందం చదివాను. పారితోషికం, గడువు విషయంలో నాకేమీ పేచీ లేదు. ఒక్క పేరా మాత్రం చేర్చమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.’’

ఈ ఉత్తరం హైదరాబాదులో ఇంటి దగ్గరే కూర్చుని పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఒక కళాకారిణి రాసిందనుకుందాం. అందుకునేది విజయవాడలోని చిన్న ప్రచురణకర్త. ఉడత కథ, 24 పేజీలు, లోపల 12 బొమ్మలు, ముఖచిత్రంతో కలిపి 13. బొమ్మకు 4,000 రూపాయలు. ఆమె అడిగే పేరా కృత్రిమ మేధతో, అంటే ఏఐతో తయారయ్యే బొమ్మల గురించి.

ఆమెకు అనుమానం తెప్పించింది ఒప్పందంలోని ఒకే ఒక వాక్యం. ‘చిత్రాలపై సర్వహక్కులూ, అన్ని మాధ్యమాల్లోనూ ప్రచురణకర్తవే.’ ఏళ్ల తరబడి ఒప్పందాల్లో కనిపిస్తున్న మాటే. మహా అయితే ఆ బొమ్మను క్యాలెండర్ మీదో, బడిపిల్లల సంచీ మీదో వేస్తారని అనుకునేవారు. ఇప్పుడు దాని అర్థం చాలా దూరం వెళ్లింది. ఒకరి శైలిని పట్టుకోవడానికి బొమ్మలు గీసే యంత్రానికి వేల చిత్రాలు అక్కర్లేదు. ముందే శిక్షణ పొందిన యంత్రానికి మరో పదో పదిహేనో బొమ్మలు చూపిస్తే చాలు, అదే తోక, అదే కళ్లు, అదే రంగులతో కొత్త ఉడతను గీసి ఇస్తుంది. అంటే ఈ పుస్తకం కోసం వేసిన 13 బొమ్మలే రెండో భాగానికి ఆమె అవసరం లేకుండా చేయగలవు.

అలా చేస్తే చట్టం ఊరుకుంటుందా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడే చిక్కు. కాపీరైట్ కాపాడేది గీసిన బొమ్మను, గీసే తీరును కాదు. తెలుగువాళ్లకు దీనికి బాపును మించిన ఉదాహరణ దొరకదు. పెద్ద కళ్లు, వాలుజడ, ఒక్క ఊపులో సాగే గీత చూస్తే సంతకం లేకపోయినా పోల్చుకుంటాం. ఆయన వేసిన ఒక బొమ్మను యథాతథంగా అచ్చేసుకోవాలంటే అనుమతి కావాలి. ‘బాపు తరహాలో’ సొంతంగా గీసుకోవడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, పత్రికల్లో ఎంతమంది గీయలేదు! చట్టం కాయని ఆ తీరుకు ఇద్దరి మధ్య రాసుకున్న ఒప్పందమైతే కాపలా కాయగలదు.

మన 1957 కాపీరైట్ చట్టంలో ఇంకో మెలిక ఉంది. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, వేయించుకున్నవారే తొలి హక్కుదారు అవుతారని 17వ సెక్షన్ చెబుతుంది. పుస్తకానికి వేసే ప్రతి బొమ్మా ఆ మాట కిందికి వస్తుందా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు గానీ, ఫ్రీలాన్సరుకు అంత ఓపికా, ఫీజులిచ్చే స్తోమతా ఉండవు. కాగితం మీద రాయించుకోవడమే నయం. అందుకే ఆమె ఉత్తరంలో అసలు పేరా ఇలా ఉంది:

‘‘ఈ చిత్రాలను, వాటి చిత్తు గీతలను బొమ్మలు తయారుచేసే ఏఐ యంత్రానికి శిక్షణ ఇవ్వడానికి గానీ, వాటిని పోలిన కొత్త చిత్రాలు తయారుచేయించడానికి గానీ ప్రచురణకర్త వాడరు, వాడటానికి మరొకరికి ఇవ్వరు. అలాంటి యంత్రంతో ఈ చిత్రాలను మార్చాలన్నా, పొడిగించాలన్నా చిత్రకారిణి రాతపూర్వక అనుమతి తీసుకుంటారు.’’

‘మరొకరికి ఇవ్వరు’ అన్న మాట లేకపోతే మిగతాదంతా దండగ. బొమ్మ ప్రచురణకర్త దగ్గరే ఉండిపోదు. పేజీలు కూర్చే డిజైనరుకు, ప్రెస్సుకు, ప్రచారం చూసే కుర్రాడికి వెళుతుంది. ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ కార్డుల ఆటను అమ్మే అమెరికా సంస్థ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2024 జనవరిలో ఇక్కడే దెబ్బతింది. ఒక ప్రచార చిత్రం చూసి అభిమానులు ఇది యంత్రం పనేనన్నారు. సంస్థ మొదట కాదంది. కొద్దిరోజులకే, బయటివారితో చేయించిన ఆ చిత్రంలో కొన్ని భాగాలు ఏఐతో వచ్చినవేనని ఒప్పుకుంది. ఫొటోషాప్ లాంటి రోజువారీ పనిముట్లలోనే ఇప్పుడు ఆ సౌకర్యం దూరిపోయిందని వివరణ ఇచ్చుకుంది.

సాకులా వినిపించినా అందులో నిజముంది. అందుకే ఉత్తరంలో ‘ఏఐ వాడకూడదు’ అని ఒక్క ముక్కలో రాస్తే చెల్లదు. రంగు సరిచేయడం, మరక తుడవడం, సైజు మార్చడం ఎప్పటినుంచో కంప్యూటర్ చేస్తున్న పనులే. లేని చెట్టునూ, లేని ఆకాశాన్నీ కొత్తగా పుట్టించడం వేరు. ఆమె ఆ గీత ఎక్కడ గీసిందో ఉత్తరంలో రెండు వాక్యాల్లో చెప్పింది: మొదటి రకానికి అనుమతి అక్కర్లేదు, రెండో రకానికి కావాలి.

తర్వాతి పేరాలో తన వైపు నుంచి మాట ఇచ్చింది. తాను ఇచ్చే బొమ్మల్లో యంత్రం పుట్టించింది ఏదీ ఉండదని, అడిగితే చిత్తు బొమ్మలూ, పొరలు విడివిడిగా ఉన్న ఫైళ్లూ చూపిస్తానని రాసింది. ఉత్తరానికి బలం ఇక్కడే వచ్చిందనాలి. 2022లో అమెరికా ప్రచురణ సంస్థ టోర్, క్రిస్టఫర్ పావోలీని నవల ‘ఫ్రాక్టల్ నాయిజ్’ ముఖచిత్రాన్ని బయటపెట్టింది. చిత్రాలు అమ్మే పేరున్న సంస్థ దగ్గర కొన్న బొమ్మ అది. ఏఐతో చేసిందై ఉండొచ్చని కొన్నప్పుడు తమకు తెలియదని, ఇక మార్చే వ్యవధి లేదని టోర్ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ అవస్థ తప్పించే కాగితం ఎదురొస్తుంటే వద్దనే ప్రచురణకర్త ఉండడు.

మన ప్రచురణకర్తకు మరో అవసరమూ ఉంది. ఉడత కథను ఇంగ్లీషులో వేసి, అమెరికాలోని తెలుగు పిల్లల కోసం అమెజాన్‌లో పెట్టాలని ఆయన ఆలోచన. సొంతంగా పుస్తకాలు పెట్టుకునేవారిని, లోపలి మాటలు గానీ బొమ్మలు గానీ ఏఐతో తయారయ్యాయా అని 2023 సెప్టెంబరు నుంచి అమెజాన్ అడుగుతోంది. ఆ గడి నింపాలంటే బొమ్మలు ఎలా వచ్చాయో ఆయనకు ఖాయంగా తెలియాలి.

ఈ పేరా చేయలేనివీ ఉన్నాయి. అది సంతకం పెట్టినవారినే కట్టేస్తుంది. పుస్తకం కొని పేజీలు స్కాన్ చేసి యంత్రానికి పెట్టే మూడో మనిషిని అడ్డుకోలేదు. ప్రచురణకర్తే మాట తప్పినా రుజువు చేయడం కష్టం. బొమ్మ యంత్రానిదో మనిషిదో చెబుతామనే సాఫ్ట్‌వేర్లు తరచూ పొరబడతాయి. అందుకని ఆమె ఉల్లంఘనకు ఒక లెక్క పెట్టమంది: అలా తయారైన ఒక్కో బొమ్మకూ కొత్త బొమ్మ ధర, 4,000. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆ మొత్తానికి మించకుండా, సమంజసమనిపించినంత ఇప్పిస్తుంది. తగాదా వస్తే ఎంత అన్న వాదనకు అక్కడొక హద్దు దొరుకుతుంది.

ప్రచురణకర్త జవాబు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ‘‘శిక్షణ సంగతి సరేనమ్మా, మాకా అవసరం లేదు. ముఖచిత్రాన్ని పుస్తకాల పండగ బ్యానరుకు సాగదీయాలంటే పక్కన ఆకాశం కావాలి కదా, దానికీ ఉత్తరం రాసి ఆగాలా?’’ అంటాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి ఆమె పేరా మార్చలేదు. ముఖచిత్రాన్ని మొదటే రెండు వైపులా అరచేయి వెడల్పు ఎక్కువగా గీసి ఇస్తానని, బ్యానరు కొలతలు నెల ముందు చెబితే మిగతా ఆకాశం కూడా తానే వేస్తానని, దానికి వెయ్యి రూపాయలు అదనమని రాసింది.