రెండు తేదీల నడుమ రోజులెన్ని?

రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు గడిచాయో తెలుసుకోవడం నిజానికి తీసివేత లెక్క. అయితే తేదీలను ఉన్నవి ఉన్నట్టుగా తీసివేయడం కుదరదు. నెలలన్నీ ఒకే పొడవు కావు, సంవత్సరాలూ అంతే. ఫిబ్రవరి 1 నుంచి మే 1 వరకు మూడు నెలలు. మామూలు సంవత్సరంలో అవి 89 రోజులు. నవంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 వరకు కూడా మూడు నెలలే, కానీ 92 రోజులు. అందుకే అప్పు పత్రంలో గడువు ‘మూడు నెలలు’ అని రాయడానికీ, ‘90 రోజులు’ అని రాయడానికీ తేడా ఉంది. మొదటి పద్ధతిలో గడువు ముగిసే తేదీ ముందే తెలుస్తుంది, వడ్డీ పడే రోజులు మాత్రం కాలాన్ని బట్టి మారతాయి. రెండో పద్ధతిలో రోజులు మారవు, తేదీ ఎక్కడ పడుతుందో లెక్క వేసుకోవాలి.

చేతి లెక్కకు తేలికైన దారి, ప్రతి తేదీకీ ఆ సంవత్సరంలో అది ఎన్నో రోజో కనుక్కోవడం. జనవరి పూర్తయ్యేసరికి 31 రోజులు, ఫిబ్రవరి పూర్తయ్యేసరికి 59, మార్చి చివరికి 90, ఏప్రిల్ చివరికి 120, మే చివరికి 151 గడుస్తాయి. ఆ ప్రకారం జూన్ 2 అంటే 151కి 2 కలిపి, 153వ రోజు. లీపు సంవత్సరమైతే ఫిబ్రవరి దాటిన తేదీలన్నింటికీ ఒకటి కలపాలి. పిడికిలి కణుపుల మీద 31 రోజుల నెలలు లెక్కపెట్టడం చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్లు ఈ పట్టికను తామే తయారు చేసుకోగలరు.

ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడింది. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. ఈ రెండింటి మధ్య ఎన్ని రోజులు? లెక్కను మూడు ముక్కలు చేసుకోవాలి. 1956 లీపు సంవత్సరం కాబట్టి నవంబరు 1 ఆ ఏట 306వ రోజు. ఏడాది ముగియడానికి ఇంకా 60 రోజులున్నాయి. తర్వాత 1957 నుంచి 2013 వరకు 57 నిండు సంవత్సరాలు. వాటిలో 1960 మొదలు 2012 వరకు లీపు సంవత్సరాలు 14. 57ను 365తో గుణించి 14 కలిపితే 20,819. చివరగా 2014లో జూన్ 2 వరకు 153 రోజులు. 60, 20,819, 153 కలిపితే 21,032 రోజులు.

తప్పు జరగడానికి ఎక్కువ అవకాశం ఉన్న చోటు 1956. అది లీపు సంవత్సరమే, కానీ దాని ఫిబ్రవరి 29 నవంబరు 1కి ఎనిమిది నెలల ముందే గడిచిపోయింది. లీపు సంవత్సరం కదా అని దాన్ని కూడా కలిపి పదిహేను లీపు రోజులు వేసుకుంటే జవాబు 21,033 అవుతుంది. ఏ సంవత్సరాలు లీపు సంవత్సరాలన్నది కాదు, ఆ రెండు తేదీల నడుమ ఎన్ని ఫిబ్రవరి 29లు వచ్చాయన్నదే లెక్కకు కావాలి.

ఈ తప్పును పట్టుకోవడానికి వారం పనికొస్తుంది. 1956 నవంబరు 1 గురువారం. 21,032ను 7తో భాగిస్తే 4 మిగులుతుంది. గురువారానికి నాలుగు రోజుల తర్వాత సోమవారం. 2014 జూన్ 2 సోమవారమే. 21,033 అయితే మంగళవారం వచ్చేది, తప్పు అక్కడే బయటపడేది. అయితే సరిగ్గా ఏడు రోజులో పద్నాలుగు రోజులో తేడా వచ్చిన తప్పును మాత్రం ఈ పరీక్ష పట్టలేదు.

లెక్క సరిగ్గా ఉన్నా ఒక రోజు తేడాతో ఇద్దరు వాదించుకునే సందర్భాలుంటాయి. జూన్ 10 నుంచి 20 వరకు సెలవు పెట్టిన ఉద్యోగికి 11 రోజుల సెలవు ఖర్చవుతుంది, ఎందుకంటే మొదటి రోజూ చివరి రోజూ రెండూ లెక్కలోకి వస్తాయి. జూన్ 10న వేసిన డబ్బును 20న తీసుకుంటే మాత్రం గడిచినవి 10 రోజులే. తీసివేతలో వచ్చేది ఈ రెండోదే. మొదటిది కావాలంటే ఒకటి కలుపుకోవాలి. మన కేంద్ర చట్టాలకు వర్తించే 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం కూడా ఈ సంగతిని పట్టించుకుంది. గడువు ఫలానా తేదీ ‘నుంచి’ అని చట్టంలో ఉంటే ఆ మొదటి రోజును లెక్కలోకి తీసుకోరు.

నాలుగుతో భాగితమయ్యే ప్రతి సంవత్సరం లీపు సంవత్సరమనే సూత్రం వందల సంవత్సరాల దగ్గర తప్పుతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగి రుతువులు మళ్లీ మొదటికి రావడానికి సుమారు 365.2422 రోజులు పడుతుంది. ప్రతి నాలుగేళ్లకూ ఒక రోజు కలిపితే సగటు 365.25 అవుతుంది, అంటే కొద్దిగా ఎక్కువ. దాన్ని సరిదిద్దడానికి 1582లో పోప్ పదమూడో గ్రెగరీ తెచ్చిన కేలండరులో, వందతో భాగితమయ్యే సంవత్సరం 400తో కూడా భాగితమైతేనే లీపు. 2000 లీపు సంవత్సరం, 1900 కాదు. కందుకూరి వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న పుట్టి 1919 మే 27న కన్నుమూశారు. 71 పుట్టినరోజులు, వాటిపైన 41 రోజులు. 1848 ఫిబ్రవరి 29 ఆయన పుట్టకముందే గడిచింది. 1852 నుంచి 1916 వరకు నాలుగేళ్లకొకటి చొప్పున లెక్కిస్తే 17 వస్తాయి. 1900ను తీసేస్తే 16. అంతా కలిపితే ఆయన జీవితం 25,972 రోజులు. 1900ను మరిచిపోతే ఒక రోజు ఎక్కువ వస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే సూత్రమే మారిపోతుంది. బ్రిటన్ కొత్త కేలండరుకు 1752లో మారింది. ఆ ఏడాది సెప్టెంబరు 2 బుధవారం మర్నాడే సెప్టెంబరు 14 గురువారమని రాశారు. కాబట్టి బ్రిటిష్ పత్రాల్లో 1752 సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 1 వరకు 30 రోజులు కావు, 19 రోజులే. పాత తేదీలతో పని పడితే ఆ పత్రం ఏ దేశంలో, ఏ కేలండరులో రాసిందో ముందు తెలుసుకోవాలి.

ఈ చిక్కులన్నింటి నుంచి తప్పించుకునే ఉపాయం జ్యోతిర్గణితంలో ఎప్పటినుంచో ఉంది. నెలలూ ఏళ్లూ పక్కనపెట్టి, ఒక ఆది దినం నుంచి రోజులను వరుసగా లెక్కపెడతారు. పంచాంగ గణితంలో ఆ లెక్క పేరు అహర్గణం. కలియుగాది నుంచి గడిచిన రోజుల సంఖ్య అది. ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే జూలియన్ దిన సంఖ్య కూడా ఇదే తరహా. అందులో 1956 నవంబరు 1 సంఖ్య 2435779, 2014 జూన్ 2 సంఖ్య 2456811. ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే 21,032 ఒకే మెట్టులో వస్తుంది.

కంప్యూటరులో ఎక్సెల్ చేసేదీ ఇదే. అది 1900 జనవరి 1ని 1వ రోజుగా తీసుకుని ప్రతి తేదీనీ ఒక అంకెగా దాచుకుంటుంది. అందుకే `=B1-A1` అని రాస్తే రోజుల సంఖ్య వస్తుంది. అయితే అంతకు ముందున్న లోటస్ 1-2-3తో పొత్తు కుదరడం కోసం, అందులోని ఒక తప్పును ఎక్సెల్ అలాగే ఉంచుకుంది. అది 1900ను లీపు సంవత్సరంగా భావించి, లేని ఫిబ్రవరి 29ని 60వ రోజుగా చూపిస్తుంది. 1900 జనవరి 15 నుంచి మార్చి 15 వరకు నిజానికి 59 రోజులు. ఎక్సెల్ 60 అంటుంది. రెండు తేదీలూ 1900 మార్చి 1న గాని ఆ తర్వాత గాని ఉంటే జవాబు సరిగ్గానే వస్తుంది. 1900కు ముందరి తేదీలను అది తేదీలుగా గుర్తించదు కాబట్టి వీరేశలింగం జీవిత కాలం లాంటి లెక్కలు చేత్తోనో వేరే సాధనంతోనో చేసుకోవాలి.