వాయిదాలో అసలెంత, వడ్డీ ఎంత, మిగిలేదెంత

సంస్థ బడ్జెట్‌లో అప్పు చెల్లింపుల భాగం సాధారణంగా ఒక పేజీకి మించదు. ఒక్కో అప్పుకూ అందులో ఐదు అంకెలు ఉంటాయి. ఏడాది మొదట్లో ఉన్న బాకీ, ఆ ఏడాది కొత్తగా తీసుకునే అప్పు, కట్టాల్సిన వడ్డీ, తీర్చే అసలు, ఏడాది చివర మిగిలే బాకీ. సంస్థ ఆ ఏడాది చూపే మిగులును నమ్మవచ్చో లేదో తేల్చేది ఈ పేజీయే.

ఊహకు ఒక పాఠశాలను నడిపే సొసైటీని తీసుకుందాం. 75 లక్షల ఖర్చుతో కొత్త తరగతి గదులు కట్టింది. అందులో 25 లక్షలు సొంత డబ్బు, మిగతా 50 లక్షలు బ్యాంకు అప్పు. వడ్డీ ఏడాదికి 12 శాతం, గడువు పదేళ్లు, చెల్లింపు నెలవారీ సమాన వాయిదాలలో, అంటే ఈఎంఐ పద్ధతిలో. లెక్క కడితే నెలకు 71,735 రూపాయలు వస్తుంది. ఏడాదికి దాదాపు 8 లక్షల 61 వేలు. పదేళ్లూ ఈ మొత్తం మారదు. మారేది దాని లోపలి పంపకం.

మొదటి నెల బాకీ 50 లక్షలు. నెలకు ఒక శాతం చొప్పున వడ్డీయే 50,000 అవుతుంది. కట్టిన వాయిదాలో మిగిలిన 21,735 మాత్రమే అసలుకు జమ. రెండో నెల వడ్డీని తగ్గిన బాకీ మీదే లెక్కిస్తారు కాబట్టి అది 49,783కు దిగుతుంది, అసలుకు 21,953 పోతుంది. ఇలా నెలనెలా వడ్డీ కొంచెం కరుగుతూ, అసలు కొంచెం పెరుగుతూ సాగుతుంది. మొదటి ఏడాది మొత్తం మీద వడ్డీ 5 లక్షల 85 వేలు, తీరిన అసలు 2 లక్షల 76 వేలు. పదో ఏడాదికి ఇది తలకిందులవుతుంది. వడ్డీ 53 వేలకు పడిపోతుంది, అసలు 8 లక్షలు దాటుతుంది. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడే ఈ విభజన అంతా చూపే వాయిదాల పట్టికను ఇస్తుంది. బడ్జెట్ వేసేవాళ్లు అంకెలు తీసుకోవాల్సింది దాని నుంచే, పోయినేటి లెక్కకు ఒక శాతం కలిపి కాదు.

ఈ రెండు భాగాలూ ఖాతాల్లో రెండు వేర్వేరు చోట్లకు వెళ్తాయి. వడ్డీ అంటే పరాయి డబ్బు వాడుకున్నందుకు ఇచ్చే అద్దె. అది ఖర్చు, ఆదాయ వ్యయ ఖాతాలో పడుతుంది. అసలు తీర్చడం ఖర్చు కాదు. చేతిలో నగదు తగ్గుతుంది, అంతే మొత్తం బాకీ కూడా తగ్గుతుంది. అందుకే అది ఆదాయ వ్యయ ఖాతాలో కనిపించదు, ఆస్తి అప్పుల పట్టీలో మాత్రమే కనిపిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వాల బడ్జెట్లలోనూ ఇదే పద్ధతి. వడ్డీ చెల్లింపులు రెవెన్యూ ఖాతాలో ఉంటాయి, అసలు తిరిగి చెల్లించడం మూలధన ఖాతాలో ఉంటుంది. రెవెన్యూ మిగులు అనే మాటలో అసలు లెక్కలోకే రాదు.

మళ్లీ పాఠశాల దగ్గరికి వద్దాం. ఫీజుల మీద వచ్చే రాబడిలోంచి జీతాలు, కరెంటు, మరమ్మతులు వగైరా పోగా ఏడాదికి 10 లక్షలు మిగులుతుందనీ, అది ఏటా ఇలాగే ఉంటుందనీ అనుకుందాం. భవనం ముప్పై ఏళ్లు ఉంటుందన్న అంచనాతో ఏటా రెండున్నర లక్షల తరుగుదల రాస్తారు. తరుగుదల కాగితం మీది ఖర్చే, ఆ డబ్బు ఎవరికీ కట్టేది కాదు. మొదటి ఏడాది 10 లక్షల్లోంచి వడ్డీ, తరుగుదల తీసేస్తే ఆదాయ వ్యయ ఖాతా చూపే మిగులు సుమారు 1 లక్షా 65 వేలు. వాయిదాలన్నీ కట్టాక బ్యాంకు ఖాతాలో నిజంగా మిగిలేది 1 లక్షా 39 వేలు. రెండూ దగ్గర దగ్గరగా ఉండడంతో ఎవరికీ అనుమానం రాదు.

ఐదో ఏడాదికి ఆదాయ వ్యయ ఖాతాలో మిగులు 3 లక్షల 34 వేలు. పదో ఏడాదికి దాదాపు 7 లక్షలు. నగదు మాత్రం అదే 1 లక్షా 39 వేలు, ఏ ఏడాదీ దానికి ఒక్క రూపాయి ఎక్కువ రాదు. పాఠశాల బాగుపడిందేమీ లేదు. వడ్డీ తగ్గిన మేరకు ఖర్చు తగ్గింది, ఆ తగ్గిన మేరకూ డబ్బు అసలు కింద బ్యాంకుకే వెళ్లిపోయింది. సర్వసభ్య సమావేశంలో 7 లక్షల మిగులు చూసి జీతాలు పెంచమనీ, ఫీజు తగ్గించమనీ అడిగేవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్ల ముందు పెట్టిన కాగితం అంతవరకే చెప్పింది. ఆదాయ వ్యయ అంచనా పక్కనే, వాయిదాలు పోగా మిగిలే నగదును కూడా ఒక వరుసలో చూపడం కార్యవర్గం కనీస బాధ్యత.

దీనికి తిరగబడిన పొరపాటు చిన్న సంస్థల్లో మరీ ఎక్కువ. లెక్కలు రాసేవాళ్లు వాయిదా మొత్తాన్నీ వడ్డీ ఖర్చుగా రాసేస్తారు. అప్పుడు మొదటి ఏడాదే 1 లక్షా 11 వేల లోటు కనిపిస్తుంది. లేని లోటు పూడ్చడానికి ఫీజు పెంచుతారు. ఈ తప్పును పట్టుకోవడం సులభం. ఏడాది చివర సంస్థ పుస్తకాల్లో బాకీ ఇంకా 50 లక్షలే ఉంటుంది, బ్యాంకు ఇచ్చే బాకీ ధ్రువీకరణలో 47 లక్షల 24 వేలు ఉంటుంది. ఈ రెండూ సరిపోలకపోతే ఆ పేజీలో మరే అంకెనూ నమ్మడానికి లేదు. ఏడాది మధ్యలో తీసుకున్న అప్పు విషయంలో ఇంకో చిక్కు ఉంది. అక్టోబరు నుంచి వాయిదాలు మొదలైతే మార్చికి ఆరే పడతాయి. ఆ ఏడాది మిగులు చూసి మరుసటి ఏడాది ఖర్చులకు ఒప్పుకుంటే, అప్పటికి పన్నెండు వాయిదాలూ వచ్చి మీద పడతాయి.

అప్పు మోయగల శక్తిని బ్యాంకులు ముఖ్యంగా ఒక నిష్పత్తితో చూస్తాయి. వడ్డీ, అసలు కట్టకముందు చేతికొచ్చే మిగులును ఏడాది వాయిదాల మొత్తంతో భాగిస్తారు. ఇక్కడ 10 లక్షలను 8 లక్షల 61 వేలతో భాగిస్తే 1.16 వస్తుంది. మామూలుగా బ్యాంకులు 1.25కు తగ్గకుండా ఉండాలని కోరుకుంటాయి. 1.16 అంటే రాబడిలో ఏడాదికి లక్షన్నర తగ్గినా వాయిదాకు చాలదని అర్థం. ముప్పై మంది పిల్లలు వేరే బడికి మారితే చాలు, అంత తగ్గవచ్చు.

వడ్డీ రేటు మారే అప్పు అయితే ఈ ఇరుకు ఇంకా పెరుగుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. పాఠశాల అప్పు మీద రెండో ఏడాది మొదట్లో రేటు 14 శాతానికి పెరిగిందనుకుంటే రెండు దారులుంటాయి. గడువు అలాగే ఉంచితే వాయిదా 77,166కు పెరిగి, ఏడాదికి అదనంగా 65 వేలు కట్టాలి. మిగిలే నగదులో దాదాపు సగం దానికే పోతుంది. వాయిదా అలాగే ఉంచితే గడువు ఏడాదిన్నర పొడుగవుతుంది. చాలాసార్లు ఈ రెండో దారిలోనే వెళ్లిపోతారు, ఎందుకంటే నెలవారీ చెల్లింపు మారదు కాబట్టి బడ్జెట్ మొత్తంలో తేడా తెలియదు. తేడా తెలిసేది అప్పు పేజీలోనే. ఆ ఏడాది 3 లక్షల 11 వేల అసలు తీరాల్సిన చోట 2 లక్షల 13 వేలే తీరుతుంది, ఏడాది చివరి బాకీ అంత మేరకు ఎక్కువగా నిలుస్తుంది.